స్నేహితుల పెళ్లికి వెళ్లలేకపోతే క్షమాపణ ఎలా చెప్పాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

దగ్గరి స్నేహితుడి పెళ్లి లేదా స్నేహితురాలి పెళ్లి తప్పిపోయినవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. రాలేదన్న బాధ కన్నా, రాలేకపోతున్న సంగతి నేరుగా తనతో చెప్పలేదన్న బాధ స్నేహితుల మనసులో ఎక్కువ కాలం ఉంటుంది. కింద చెప్పినదంతా ఆ రెండో బాధను తగ్గించడం గురించే.

రాలేనని ముందే తెలిసిపోయింది. పెళ్లికి ముందు చెప్పాలా, అయ్యాక చెప్పాలా?

ముందే చెప్పాలి, తెలిసిన రోజే చెప్పాలి. చివరి నిమిషంలో సెలవు దొరుకుతుందేమో, టికెట్ ఖరారవుతుందేమో అని ఆగడం సహజమే. కానీ అప్పటికే పెళ్లింట్లో మీ పేరు ఒక లెక్కలో చేరి ఉంటుంది. విడిదిలో ఒక మంచం, స్టేషన్‌కు వచ్చే కారులో ఒక చోటు, వంటవాళ్లకు చెప్పిన విస్తళ్లలో ఒకటి మీకోసం ఉంటాయి. వాటన్నిటికన్నా ముఖ్యమైనది మీకు అప్పగించిన పని. దగ్గరి స్నేహితులను ఊరికే భోజనానికి పిలవరు. మగపెళ్లివారి బస్సుకు ఎదురెళ్లడం, విడిదిలో కాఫీలు, టిఫిన్లు చూసుకోవడం, చదివింపుల దగ్గర కూర్చుని పేర్లు రాయడం, పీటల దగ్గర పురోహితుడు అడిగినది అందించడం వంటి పనుల్లో ఏదో ఒకటి మిమ్మల్ని నమ్మి వదిలేస్తారు. మీరు వారం ముందు చెబితే ఆ పనికి ఇంకొకరు దొరుకుతారు. ఆ ఉదయం చెబితే పెళ్లికూతురి తమ్ముడో, పెళ్లికొడుకు బాబాయో పరుగెత్తాలి.

చెప్పడం కూడా ఫోనులో, నోటితో చెప్పాలి. పెళ్లికూతురిని చేసే రోజు వచ్చేసిందంటే ఇక ఫోను తన చేతిలో ఉండదు. అప్పుడు తోబుట్టువులకు ఫోను చేసి మీ పని సంగతి తేల్చండి. తనకు మాత్రం రెండు మాటలు రాసి ఉంచండి. వీలైనప్పుడు తనే చూసుకుంటుంది.

చెప్పకుండానే పెళ్లి దాటిపోయింది. మొదటి మాట ఎప్పుడు చెప్పాలి?

రాలేదన్న సంగతి అదే రోజు రెండు వాక్యాల్లో రాసి పంపండి. అసలు మాట్లాడటం మాత్రం కొద్ది రోజులు ఆగాక.

కారణం పెళ్లింటి రోజులే. మాంగల్యధారణ, తలంబ్రాలు అయ్యాక అప్పగింతలు, తర్వాత అత్తవారింట గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, ఆపైన మళ్లీ పుట్టింటికి వచ్చి వెళ్లడం, కొన్ని ఇళ్లలో పదహారు రోజుల పండుగ. ఈ మధ్యలో కొత్త దంపతులకు ఏకాంతంగా పది నిమిషాలు మాట్లాడే వీలు ఉండదు. చుట్టూ బంధువులు ఉండగా మీరు ఫోను చేస్తే తను 'పర్వాలేదు, పర్వాలేదు' అని పెట్టేస్తుంది. ఆ 'పర్వాలేదు' విని మీరు తేలికపడతారు. తన మనసులో మాట అక్కడే ఉండిపోతుంది. అందుకే వ్రతం అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక 'ఎప్పుడు కాస్త తీరికగా ఉంటావు?' అని అడిగి, తను చెప్పిన సమయానికే చేయండి.

అలాగని నెలలు గడవనివ్వకూడదు. రెండో వారం దాటాక మౌనం అలవాటైపోతుంది. ఆ తర్వాత క్షమాపణతో పాటు ఆ మౌనానికి కూడా కారణం చెప్పుకోవలసి వస్తుంది.

ఏమని రాయాలి? 'సారీ, రాలేకపోయాను, కారణాల వల్ల కుదరలేదు' అంటే చాలదా?

చాలదు. ఆ వాక్యం ఎవరికైనా, ఏ పెళ్లికైనా పంపవచ్చు. తను ఎదురుచూసింది మీ కోసం, ఫలానా పని దగ్గర, ఫలానా క్షణంలో. క్షమాపణలో ఆ క్షణం పేరు రావాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పెళ్లి రాజమహేంద్రవరంలో, పెళ్లికి వెళ్లాల్సిన స్నేహితుడు ఉండేది బెంగళూరులో. శుభలేఖలో ముహూర్తం 'శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం 2 గంటల 10 నిమిషాలకు' అని ఉంది. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా శనివారమే కాబట్టి శుభలేఖలు ఇలాగే వేస్తారు. అంటే పెళ్లి శనివారం అర్ధరాత్రి దాటాక. ఇతను హడావుడిలో ఆదివారం అన్న మాట, 2:10 అన్న అంకె మాత్రమే చూసుకున్నాడు. మధ్యాహ్నం అనుకుని, ఆదివారం ఉదయం దిగేలా టికెట్ తీసుకున్నాడు. అతను మండపానికి చేరేసరికి పనివాళ్లు పందిరి పూలు విప్పుతున్నారు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చుతున్నారు, పెళ్లివారి బస్సు వెళ్లిపోయింది. శనివారం సాయంత్రం నుంచి విడిది చూసుకోవలసింది అతనే. అతని ఫోను రాత్రంతా రైల్లో సిగ్నల్ లేక మూగబోయి ఉంది.

ఇలాంటప్పుడు మొదట చేయి వెళ్లేది ఇటువంటి సందేశం వైపు:

'ఒరేయ్, సారీరా. శుభలేఖలో అలా రాస్తే ఎవరికి అర్థమవుతుంది? నేను ఇంత దూరం వచ్చాను తెలుసా. రాత్రంతా ప్రయాణం. చాలా బాధగా ఉందిరా, ఏడుపు వస్తోంది. నన్ను క్షమించానని చెప్పు.'

ఇందులో తప్పు శుభలేఖ మీదికి వెళ్లింది, కష్టం తనదైంది, చివరికి కొత్త పెళ్లికొడుకే ఇతన్ని ఓదార్చాల్సి వచ్చింది. ఇదే మాటను ఇలా రాయవచ్చు:

'ముహూర్తం తప్పుగా చూసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం అనుకుని ఉదయానికి వచ్చాను. పూర్తిగా నా పొరపాటు. విడిది నా మీద వదిలేశావు. నేను లేకపోయేసరికి ఆ రాత్రి నువ్వు పీటల మీద కూర్చోవలసిన సమయంలో దాని గురించి ఆలోచించి ఉంటావు, అది తలుచుకుంటేనే బాధగా ఉంది. నా బదులు ఎవరు చూసుకున్నారో చెప్పు, వాళ్లతో నేను మాట్లాడతాను. నువ్వు ఇప్పుడేమీ జవాబు ఇవ్వక్కర్లేదు. వ్రతం అయ్యాక ఫోను చేస్తాను.'

రెండో సందేశంలో కారణం రెండు చిన్న వాక్యాలే. మిగతాదంతా అవతలి మనిషికి ఏం జరిగిందో దాని గురించి. 'క్షమించు' అని అడగడం కూడా లేదు, జవాబు కోసం ఒత్తిడీ లేదు. తన బదులు విడిదిలో నిలబడిన మనిషి కూడా గుర్తున్నాడు. చాలామంది వదిలేసేది ఆ చివరి మాటనే. నిజానికి ఆ రాత్రి మూడింటికి మగపెళ్లివారికి కాఫీలు అందించిన పిన్నికొడుక్కి ఫోను చేసి 'నా పని నువ్వు చేశావు తమ్ముడూ' అంటే ఆ మాట పెళ్లికొడుకు చెవికి చేరుతుంది. నేరుగా చెప్పిన క్షమాపణ కన్నా అది బలంగా పనిచేస్తుంది.

అసలు కారణం చెప్పడానికి ఇబ్బందిగా ఉంది. జ్వరం వచ్చిందని చెప్పేయవచ్చా?

వద్దు. పెళ్లికి వెళ్లిన పదిమంది మీ ఇద్దరికీ తెలిసినవాళ్లే. అదే సాయంత్రం మీరు వేరేచోట ఉన్న ఫొటో ఒకటి ఎవరి స్టేటస్‌లోనో కనిపిస్తుంది. కారణం చిన్నదైతే క్షమిస్తారు గానీ, అబద్ధం బయటపడితే మీరు రాకపోవడం కూడా కావాలని చేసినట్టే అనిపిస్తుంది.

నిజమంతా విప్పి చెప్పనవసరమూ లేదు. చేతిలో డబ్బు లేక రాలేకపోతే 'ఈ నెల నాకు చాలా ఇబ్బందిగా ఉంది, ప్రయాణం పెట్టుకోలేకపోయాను' అనవచ్చు. దగ్గరి స్నేహితులకు అది అర్థం కాని సంగతి కాదు. పెళ్లికి వచ్చే ఫలానా మనిషి ఎదుటపడటం ఇష్టం లేకపోతే, 'అక్కడికి వచ్చే ఒకరిని కలవడానికి నా మనసు ఒప్పుకోలేదు, అది నీ మీద కోపం కాదు' అనండి. పేరు చెప్పకపోయినా తనకు తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు పంపలేదంటే అదే చెప్పండి, కానీ అమ్మానాన్నలను దోషులుగా నిలబెట్టకుండా చెప్పండి.

మా ఇంట్లో మరణం వల్ల వెళ్లలేదు. పెళ్లింటివారికి అది ఎలా చెప్పాలి?

ఇది తొందరపడకూడని సందర్భం. మైల ఉన్నవాళ్లు శుభకార్యానికి వెళ్లరని పెళ్లింటివారికి తెలుసు కాబట్టి కారణాన్ని ఎవరూ తప్పుపట్టరు. చిక్కంతా ఆ వార్త చేరే సమయంలోనే ఉంది. పసుపు కొట్టి, పందిరి వేసిన ఇంటికి ఆ సమయంలో చావు కబురు చేరడం పెద్దవాళ్లకు ఇష్టం ఉండదు. పెళ్లికూతురికి మీ నాన్నగారో, తాతగారో బాగా చనువైతే, పీటల మీద కూర్చునే ముందు ఆ వార్త వినడం ఆమెకూ కష్టమే.

అందుకే వాళ్ల ఇంట్లో నిబ్బరంగా ఉండే ఒకరికి, అన్నయ్యకో మేనమామకో చెప్పండి. 'తాళి కట్టడం అయ్యేదాకా తనకు చెప్పకండి, అడిగితే ఊరికి వెళ్లవలసి వచ్చిందని చెప్పండి' అని చెబితే ఆయన చూసుకుంటారు. ఆ తర్వాత మీ స్నేహితురాలికి మీరే చెప్పండి, ఇంకొకరి నోటి నుంచి విననివ్వకండి. ఏడాది సూతకం పాటించే ఇల్లైతే కొత్త దంపతుల ఇంటికి ఎప్పుడు రావచ్చో వాళ్ల పెద్దవాళ్లను అడిగి వెళ్లండి. కొన్ని ఇళ్లలో పట్టింపు ఉంటుంది, కొన్ని ఇళ్లలో ఉండదు. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

వాళ్ల అమ్మానాన్నలకు వేరుగా చెప్పాలా?

చెప్పాలి. మన పెళ్లిళ్లలో పిలిచేది పెద్దవాళ్లు. శుభలేఖలో 'మీ రాకను కోరుతున్నాము' అని ఉండేది వాళ్ల పేరుతోనే. బొట్టు పెట్టి పిలిచివెళ్లిన ఆంటీకి మీరు జవాబుదారీ. మీ స్నేహితుడు క్షమించినా, 'చిన్నప్పటి నుంచి మన ఇంట్లో తిరిగిన కుర్రాడు, కనీసం ఒక్క మాటైనా చెప్పలేదు' అన్న మాట ఆ ఇంట్లో ఏళ్ల తరబడి వినిపిస్తుంది.

ఇక్కడ సందేశం పనికిరాదు, ఫోను చేయండి. 'ఆంటీ, మీరు ఇంటికి వచ్చి పిలిచారు, నేను రాలేకపోయాను. క్షమించండి. పెళ్లి ఎలా జరిగింది?' అని అడిగి, వినండి. పెళ్లి చేసి అలసిపోయిన తల్లికి చెప్పుకోవడానికి చాలా ఉంటుంది. వాన వచ్చి వంటల దగ్గర కంగారుపడటం, పురోహితుడు ఆలస్యం కావడం, వియ్యంకులు మెచ్చుకోవడం. వాళ్లు అలా చెప్పుకుంటూ ఉంటే మీ మీద కోపం తగ్గుతోందని తెలుసుకోవచ్చు. ఒకటి రెండు మాటలతో ముగించి 'అలాగే బాబూ' అన్నారంటే ఒకసారి ఇంటికి వెళ్లక తప్పదు.

చదివింపులు ఫోనులో పంపేయవచ్చా?

ఒక్క మాట కూడా రాయకుండా 1,116 రూపాయలో, 5,116 రూపాయలో ఫోనులో పంపితే బాకీ తీర్చినట్టు ఉంటుంది. ముందు మాట్లాడండి, తర్వాత ఇవ్వండి. వీలైతే చేతికి ఇవ్వండి. చదివింపుల పుస్తకంలో మీ పేరు లేకపోవడం వల్ల కొంపలేమీ మునగవు. వచ్చినప్పుడు ఇస్తారని వాళ్లకు తెలుసు.

రాలేదు కదా అని మామూలుగా ఇచ్చేదానికి రెట్టింపు ఇవ్వడం కూడా సరికాదు. చదివింపులు తిరిగి పెట్టవలసినవి. మీ ఇంట్లో శుభకార్యానికి వాళ్లు అంత మొత్తం పెట్టాల్సి వస్తుంది. దానికన్నా ఇద్దరికీ బట్టలు పెట్టడం మంచిది. చీర, జాకెట్ బట్ట, ప్యాంటు, షర్టు లేదా పంచె, వాటితో పాటు పండ్లు, తాంబూలం. కొత్త జంటను పక్కపక్కన కూర్చోబెట్టి బొట్టు పెట్టి ఇస్తే ఆ కాసేపు అది పెళ్లిలాగే ఉంటుంది. మీరు వాళ్లకన్నా చిన్నవాళ్లయితే మీ అమ్మగారినో, వదినగారినో వెంటపెట్టుకుని వెళ్లండి. వాళ్లు అక్షింతలు వేసి దీవిస్తారు.

ఇంటికి వెళ్లి కలవాలంటే ఎప్పుడు వెళ్లాలి? అక్కడ ఏం చేయాలి?

స్నేహితురాలు కొత్తగా అత్తవారింట్లో ఉంటే చెప్పకుండా వెళ్లకండి. ఆ ఇంటి పద్ధతులు తనకే ఇంకా తెలియవు. మీరు మగవాళ్లైతే మరీ ముఖ్యంగా, ముందు తనను అడగండి, భర్త కూడా ఇంట్లో ఉండే రోజు చూసుకోండి. పెళ్లైన తర్వాత వచ్చే ఆషాఢంలో చాలా ఇళ్లలో కొత్త కోడలిని పుట్టింటికి పంపుతారు. తనను కలవడానికి ఆ నెల చాలా వీలైనది. తను పెరిగిన ఇల్లు, మీకు అలవాటైన ఇల్లు, మాట్లాడటానికి కావలసినంత తీరిక ఉంటాయి. శ్రావణంలో మంగళగౌరీ నోము పట్టే ఇల్లైతే పేరంటానికి పిలిచినప్పుడు తప్పకుండా వెళ్లండి. పెళ్లికి రాని స్నేహితురాలు మొదటి నోముకు వాయనం అందుకోవడానికి వచ్చిందంటే ఆ కుటుంబం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది.

అక్కడ చేయవలసిన మంచి పని ఒకటుంది, పెళ్లి ఆల్బమ్ చూడటం. పేజీలు గబగబా తిప్పేయకుండా చూడండి. ఫలానా ఫొటోలో ఎందుకు నవ్వుతున్నావు, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తెర పట్టుకున్నది ఎవరు, తలంబ్రాల్లో ఎవరు గెలిచారు అని అడగండి. పెళ్లికి వచ్చినవాళ్లందరికీ ఆ కథలు తెలుసు కాబట్టి తనకు చెప్పే అవకాశమే రాలేదు. మొదటిసారి వినేది మీరే. అరగంట చూడవలసిన ఆల్బమ్ రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల్లో స్నేహం చాలావరకు చక్కబడుతుంది. మీరు చూస్తూ చూస్తూ ఫోను తీశారో, చేసినదంతా వృథా.

తర్వాత వాళ్లిద్దరినీ మీ ఇంటికి భోజనానికి పిలవండి. పిలిచేటప్పుడు తన భర్తను, లేదా భార్యను కూడా నేరుగా పిలవాలి. పెళ్లిలో కనిపించని మీరు ఆ కొత్త మనిషికి ఇంతవరకు ఒక పేరు మాత్రమే.

విదేశంలో ఉన్నాను. వీసా ఇబ్బంది వల్ల రాలేను. ఏం చేయగలను?

ప్రత్యక్ష ప్రసారం చూడండి, అది కూడా సమయం సరిగ్గా లెక్క వేసుకుని. ఉదాహరణకు మే నెలలో శనివారం ఉదయం 10:15 ముహూర్తం అంటే న్యూజెర్సీలో అది శుక్రవారం అర్ధరాత్రి దాటాక 12:45. వేసవిలో అక్కడికీ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు. ఈ గంట తేడాను మరిచిపోయి జీలకర్ర బెల్లం అయిపోయాక ప్రసారం చూడటం మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు.

చూస్తున్నప్పుడు వచ్చే సందేశాల వరుసలో 'శుభాకాంక్షలు' అని పెడితే వందలో ఒకటిగా కలిసిపోతుంది. దాని బదులు మీరు చూసిన ఒక చిన్న విషయాన్ని గుర్తుపెట్టుకుని తర్వాత తనకు రాయండి. 'బుట్టలో నుంచి దిగేటప్పుడు మీ మావయ్య నీ జడ సర్దారు, చూశాను' అన్న ఒక్క వాక్యం చాలు, మీరు నిజంగా మేలుకుని చూశారని తెలుస్తుంది. వీసా సంగతి మాత్రం ముందే వివరంగా చెప్పి ఉంచండి. స్టాంపింగ్ కోసం వస్తే తిరిగి వెళ్లలేకపోవచ్చన్న భయం ఇక్కడున్న పెద్దవాళ్లకు తెలియదు. 'డబ్బు సంపాదనలో పడి రాలేదు' అనుకుంటారు. మీ స్నేహితుడికి అర్థమైతే వాళ్లకు తనే చెబుతాడు.

ఆ ఊళ్లోనే ఉండే మీ అమ్మానాన్నలను మీ తరఫున పెళ్లికి పంపగలిగితే తప్పక పంపండి. ఇంటి నుంచి ఒకరు వెళ్లి అక్షింతలు వేస్తే ఆ కుటుంబం వచ్చినట్టే లెక్క.

క్షమాపణ చెప్పినా తను సరిగ్గా మాట్లాడటం లేదు. ఏం చేయాలి?

అలా ఉండే హక్కు తనకు ఉంది. రోజూ సందేశాలు పెట్టి, ఉమ్మడి స్నేహితులతో రాయబారాలు నడిపితే తనను ఇరుకున పెట్టినట్టు అవుతుంది. ఒకసారి స్పష్టంగా 'నీకు ఎప్పుడు మాట్లాడాలనిపిస్తే అప్పుడు మాట్లాడు, నేను ఉంటాను' అని చెప్పి, మామూలుగా ఎప్పటిలాగే ఉండండి. పుట్టినరోజుకు ఫోను చేయండి. వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఆసుపత్రికి వెళ్లండి. పండుగకు పలకరించండి. వీటిలో ఎక్కడా పెళ్లి మాట ఎత్తకండి.

కోపం ఇంకా ఉందా, లేక పని ఒత్తిడిలో ఉన్నారా అనేది ఎలా తెలుస్తుంది? మీ సందేశానికి ఆలస్యంగానైనా పూర్తి వాక్యంలో జవాబు వస్తే అది తీరిక లేకపోవడం. నమస్కారం బొమ్మ ఒక్కటే వస్తూ ఉంటే కోపం మిగిలే ఉంది. ఎప్పుడో ఒకరోజు తనే 'నువ్వు ఆ రోజు రాకపోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది' అని అంటుంది. అప్పుడు కారణం మళ్లీ వివరించకండి. 'అవును, నేను ఉండాల్సింది' అని ఊరుకోండి. ఆ మాట బయటికి వచ్చిందంటే మీరు ఇంకా తన మనిషే.

గృహప్రవేశం, సీమంతం, బారసాల తప్పిపోతే కూడా ఇంత చేయాలా?

ఇంత అక్కర్లేదు. గృహప్రవేశానికి వెళ్లలేకపోతే వీలైనంత త్వరగా ఆ ఇల్లు చూడటానికి వెళ్లండి. ప్రతి గదీ తిరిగి చూడండి. సీమంతానికి బదులు తనకు తినాలనిపించినది చేయించి పట్టుకెళ్లండి. బారసాల తప్పితే తల్లికి కాస్త ఓపిక వచ్చాక, ముందుగా చెప్పి వెళ్లి, పాపను చూసి, కాసేపే ఉండి రండి. మూడింటికీ ఆ రోజే ఫోను చేయడం మాత్రం మానకూడదు.

ఎన్నిసార్లు క్షమాపణ చెప్పాలి?

స్నేహితుడికి ఒకసారి, వాళ్ల అమ్మానాన్నలకు ఒకసారి. కలిసిన ప్రతిసారీ 'నీ పెళ్లికి రాలేకపోయాను' అంటూ ఉంటే ప్రతిసారీ తను మిమ్మల్ని సముదాయించాలి. పెళ్లిరోజు తేదీని మాత్రం ఫోను క్యాలెండరులో పెట్టుకోండి. వచ్చే ఏడాది మొదటి పెళ్లిరోజున ఉదయమే, వాళ్లు గుడికి బయలుదేరకముందే ఫోను చేసి ఇద్దరితోనూ మాట్లాడండి.